తోక ఎటుంటే సగటు అటేనా?

ఒక కస్టమర్ సహాయ కేంద్రానికి ఒక పూటలో 60 ఫోన్ కాల్స్ వచ్చాయనుకుందాం. ఒక్కో కాల్ ఎన్ని నిమిషాలు నడిచిందో రాసిపెట్టారు. పూట ముగిశాక తయారైన నివేదికలో రెండు అంకెలున్నాయి: సగటు 12 నిమిషాలు, మధ్యగతం 9.4 నిమిషాలు. చూడగానే చాలామందికి వచ్చే అనుమానం, వీటిలో ఏదో ఒకటి తప్పు లెక్కేమోనని. రెండూ సరైనవే. వాటి మధ్య రెండున్నర నిమిషాల ఎడం ఎందుకు వచ్చిందో తెలియాలంటే అంకెల్ని పక్కన పెట్టి హిస్టోగ్రామ్ చూడాలి. బళ్లో సోపాన చిత్రం అని చదువుకున్నది ఇదే.

```
నిమిషాలు   కాల్స్
 0–5       14   ##############
 5–10      18   ##################
10–15      11   ###########
15–20       7   #######
20–25       4   ####
25–30       3   ###
30–35       1   #
35–40       1   #
40–45       0
45–50       1   #
```

ఇక్కడ బార్లను పక్కకు పడుకోబెట్టాను. మామూలుగా గీసేటట్టు నిలబెడితే పై వరస ఎడమ చివరకు, కింది వరస కుడి చివరకు వస్తాయి. అలా నిలబెట్టి ఊహించుకోండి. ఎడమవైపు గుట్టలాగా ఎత్తుగా ఉంది, కుడివైపు తగ్గుతూ తగ్గుతూ సన్నటి తోకలా సాగింది. ఇలాంటి ఆకారాన్ని కుడి స్క్యూ అంటారు.

మొదటి పొరపాటు ఈ పేరు దగ్గరే జరుగుతుంది. గుట్ట ఎడమవైపు ఉంది కాబట్టి ఎడమ స్క్యూ అనాలి కదా అనిపిస్తుంది. కానీ పేరు పెట్టేది గుట్టను చూసి కాదు, తోకను చూసి. తోక కుడికి సాగితే కుడి స్క్యూ, దాన్నే ధనాత్మక స్క్యూ అని కూడా అంటారు. ఎడమకు సాగితే ఎడమ స్క్యూ, అంటే రుణాత్మకం. గుట్ట మన కంటిని లాగేస్తుంది కాబట్టి దాన్ని చేత్తో కప్పి, మిగిలింది ఎటు పోతోందో చూడటం నాకు అలవాటైంది. కాస్త చిన్నపిల్లల ఉపాయమే, పని మాత్రం చేస్తుంది.

బొమ్మలోనే రెండింటినీ వెతకడం

మధ్యగతం అంటే వరసలో నడిమి కాల్. కాల్స్‌ను చిన్నదాని నుంచి పెద్దదాకా నిలబెడితే సగం దీనికి ఇటు, సగం అటు ఉంటాయి. హిస్టోగ్రామ్‌లో దీన్ని పట్టుకోవాలంటే ఎడమ నుంచి బార్లను లెక్కపెట్టుకుంటూ పోయి, సగం పూర్తయిన చోట ఆగాలి. మన దగ్గర 60 కాల్స్, సగం 30. మొదటి బార్‌లో 14 అయిపోయాయి. ఇంకా 16 కావాలి, రెండో బార్‌లో 18 ఉన్నాయి. అంటే రెండో బార్‌లో దాదాపు చివరిదాకా వెళ్లాలి. ఆ 18 కాల్సూ 5 నుంచి 10 దాకా సమానంగా పరచుకుని ఉన్నాయనుకుంటే, 5 నిమిషాల వెడల్పులో పద్దెనిమిదింట పదహారు వంతులు, అంటే 4.4 నిమిషాలు లోపలికి పోవాలి. 5కు 4.4 కలిపితే 9.4. కాగితం మీద గీత గీస్తే, ఆ గీతకు రెండువైపులా ఉండే బార్ల వైశాల్యం సమానం.

సగటు సంగతి వేరు. అది లెక్కపెట్టేది కాదు, తూచేది. హిస్టోగ్రామ్‌ను ఒక చెక్కపలక మీద పేర్చిన దిమ్మెలనుకోండి. పలక కింద ఒక్క వేలు పెట్టి, అది ఎటూ ఒరగకుండా నిలబెట్టాలి. వేలు ఎక్కడ పెడితే నిలబడుతుందో అదే సగటు. ఇక్కడ దిమ్మె బరువొక్కటే చాలదు, వేలికి ఎంత దూరంలో ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. దూరంగా ఉన్న ఒక్క దిమ్మె దగ్గరగా ఉన్న పదింటిని ఎత్తగలదు.

మొదట వేలును మధ్యగతం దగ్గర, 9.4 మీద పెట్టి చూద్దాం. రెండువైపులా 30 కాల్స్ చొప్పున ఉన్నాయి, బరువు సమానమే. అయినా పలక నిలవదు. ఎడమవైపున్న కాల్ ఎంత చిన్నదైనా సున్నా నిమిషాల కంటే తగ్గలేదు, కాబట్టి వేలికి ఎడమన దేనికీ 9.4 నిమిషాలకు మించి దూరం ఉండదు. కుడివైపు అలాంటి అడ్డం లేదు. చివరి బార్‌లోని కాల్ దాదాపు 38 నిమిషాల దూరంలో కూర్చుంది. పలక కుడికి ఒరిగిపోతుంది. నిలబెట్టాలంటే వేలును కుడికి జరపాలి. జరుపుతూ పోతే 12 దగ్గర పలక నిలుస్తుంది.

ఆ 12 వచ్చిన లెక్క ఇది. ప్రతి బార్‌కూ దాని తరగతి మధ్యవిలువ తీసుకుని, కాల్స్ సంఖ్యతో గుణించాలి. 2.5 పద్నాలుగు సార్లు 35, 7.5 పద్దెనిమిది సార్లు 135, ఇలా చివరి 47.5 దాకా కలిపితే మొత్తం 720 నిమిషాలు. 60తో భాగిస్తే 12. బార్లనుంచి తీసినవి కాబట్టి ఈ రెండు విలువలూ అంచనాలే. అసలు కాల్స్ జాబితా చేతిలో ఉంటే కాస్త అటూ ఇటూ తేలవచ్చు. ఆకారం చదవడానికి ఇది చాలు.

చివరి కాల్ ఒక్కటీ ఏం చేస్తోందో విడిగా చూడాలి. 12 దగ్గర వేలు ఉన్నప్పుడు దాని దూరం 35.5. రెండో బార్‌లోని ఒక్కో కాల్ వేలికి 4.5 నిమిషాల దూరంలో ఉంది. అంటే ఆ చివరి కాల్ ఒక్కటే రెండో బార్‌లోని దాదాపు ఎనిమిది కాల్స్‌కు సరితూగుతోంది. దాన్ని తీసేసి మళ్లీ లెక్క వేస్తే సగటు 12 నుంచి 11.4కు దిగుతుంది. మధ్యగతం 9.4 నుంచి 9.3కు, అంతే. ఇప్పుడు తీసేయకుండా, ఆ కాల్ 47 నిమిషాలు కాక మూడు గంటలు నడిచిందనుకోండి. సగటు 14.2 అవుతుంది. మధ్యగతం ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే వరసలో ఆఖరివాడు ఎంత దూరం జరిగి నిలబడినా నడిమివాడి స్థానం మారదు.

ఇంకొక్క పరిణామం చెప్పి ఈ బొమ్మను కాసేపు పక్కన పెడతాను. "సగటు కాల్ 12 నిమిషాలు" అని వినగానే, సగం కాల్స్ అంతకంటే తక్కువ, సగం ఎక్కువ అని మనసు అనుకుంటుంది. ఇక్కడ 12 నిమిషాల లోపు ముగిసినవి సుమారు 36, అంటే నూటికి 60. సగటు కంటే ఎక్కువసేపు నడిచినవి 24 మాత్రమే. కుడి తోక ఉన్నచోట ఎక్కువమంది సగటుకు దిగువనే ఉండటం మామూలు విషయం. ఎవరో వెనకబడ్డారని దానర్థం కాదు.

తోక ఎందుకు పుడుతుంది

స్క్యూ ఉన్న హిస్టోగ్రామ్ కనబడగానే ముందు అడగాల్సింది, గోడ ఎటువైపు ఉందని. ఫోన్ కాల్‌కు సున్నా దగ్గర గోడ ఉంది, పైన లేదు. కాబట్టి విలువలు గోడ పక్కన గుమిగూడి, ఖాళీ ఉన్న వైపు సాగుతాయి. వేచి ఉండే సమయాలు, ఆదాయాలు, ఆసుపత్రిలో ఉండే రోజులు, ఇళ్ల ధరలు, అన్నింటిదీ ఇదే కథ. సున్నా కంటే కిందికి పోలేవు, పైకి మాత్రం ఎంతైనా పోగలవు.

గోడ కుడివైపు ఉంటే కథ తిరగబడుతుంది. సులువైన పరీక్షలో వందకు వంద దాటలేరు. చాలామంది 85, 90 దగ్గర గుమిగూడతారు, కొద్దిమంది 40కీ 30కీ జారతారు. తోక ఎడమకు, సగటు మధ్యగతానికి ఎడమన. అలాంటి తరగతిలో సగానికి పైగా విద్యార్థులు "సగటు కంటే మెరుగు" కావడంలో వింతేమీ లేదు.

గోడ కనబడకుండానే తోక ఉంటే నేను కాస్త జాగ్రత్తపడతాను. అప్పుడు కారణం చాలాసార్లు రెండు వేర్వేరు గుంపులు కలిసిపోవడం అవుతుంది. మన ఉదాహరణలోనే మామూలు సందేహాల కాల్స్, ఫిర్యాదుల కాల్స్ ఒకే పుస్తకంలో రాసి ఉండవచ్చు. గుంపుల్ని విడదీసి రెండు హిస్టోగ్రామ్‌లు గీస్తే ఒక్కోసారి రెండింట్లోనూ తోక కనబడదు. అలాంటప్పుడు కలిపిన గుంపుకు సగటు చెప్పాలా, మధ్యగతం చెప్పాలా అని తర్జనభర్జన పడటం అనవసరం. రెండు గుంపులకూ విడివిడిగా చెప్పాలి.

సూత్రం తప్పే చోటు

ఇప్పటిదాకా చెప్పింది పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో చెబుతాయి: కుడి స్క్యూ అయితే సగటు మధ్యగతం కంటే ఎక్కువ, ఎడమ స్క్యూ అయితే తక్కువ. విద్యార్థులు దీన్ని బట్టీపట్టి, అంకెల నుంచి ఆకారానికీ, ఆకారం నుంచి అంకెలకూ అటూ ఇటూ నిశ్చింతగా దూకుతుంటారు. ఇది ఎక్కువసార్లు నిలిచే మాటే గానీ, తప్పనిసరిగా నిలిచే సిద్ధాంతం కాదు. 2005లో పాల్ వాన్ హిప్పెల్ అనే పరిశోధకుడు ఈ పాఠ్యపుస్తక సూత్రం ఎక్కడెక్కడ తప్పుతుందో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. అది ఎక్కువగా తప్పేది విలువలు కొన్ని పూర్ణసంఖ్యలకే పరిమితమైనప్పుడు. ఒకే గుట్ట ఉండి విలువలు నున్నగా మారే దత్తాంశంలో తప్పడం అరుదు, తప్పినా తేడా చాలా స్వల్పం.

ఉదాహరణ నేనే అల్లుతాను. 100 ఇళ్లలో పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాం. 35 ఇళ్లలో ఒక్కరు, 50 ఇళ్లలో ఇద్దరు, 10 ఇళ్లలో ముగ్గురు, 4 ఇళ్లలో నలుగురు, ఒక్క ఇంట్లో అయిదుగురు. గీసి చూస్తే ఎవరికీ అనుమానం ఉండదు: తోక కుడికి ఉంది. స్క్యూను సూత్రంతో లెక్కగట్టినా 1.1 వస్తుంది, గట్టి ధనాత్మక విలువే.

మధ్యగతం ఎంత? వరసలో 50వ ఇల్లూ 51వ ఇల్లూ రెండో బార్‌లోనే పడతాయి, కాబట్టి 2. సగటు? 35, 100, 30, 16, 5 కలిపితే 186. వందతో భాగిస్తే 1.86. తోక కుడికి ఉంది, సగటు మాత్రం మధ్యగతానికి ఎడమన కూర్చుంది.

ఎందుకిలా? పలకకు తిరిగి వెళ్దాం. వేలును మధ్యగతం మీద, 2 దగ్గర పెట్టండి. ఎడమన 35 ఇళ్లు, ఒక్కోటి ఒక మెట్టు దూరంలో, మొత్తం లాగుడు 35. కుడిన 10 ఇళ్లు ఒక మెట్టు, 4 ఇళ్లు రెండు మెట్లు, ఒకటి మూడు మెట్లు. 10, 8, 3 కలిపితే 21. ఎడమ లాగుడే గట్టిది, పలక ఎడమకే ఒరుగుతుంది. తోక పొడుగ్గానే ఉంది గానీ, దాని మీద కూర్చున్నవాళ్లు మరీ తక్కువ.

అసలు చిక్కు మధ్యగతంలో ఉంది. నున్నటి దత్తాంశంలో మధ్యగతానికి రెండువైపులా చెరి సగం ఉంటాయి. ఇక్కడ అలా లేదు: 2కు దిగువన 35, ఎగువన 15, మిగతా 50 సరిగ్గా 2 మీదే. పోటీ 50కి 50తో కాదు, 35కు 15తో. ఎత్తయిన బార్ ఒకటి మధ్యగతాన్ని మింగేసింది. 35 బదులు 20 ఇళ్లే ఒంటరివి అయివున్నా, మిగతా బార్లు కాస్త అటూ ఇటూ అయినా, మధ్యగతం 2 నుంచి కదలదు. సగటు మాత్రం ప్రతి మార్పుకూ కదులుతుంది.

మరి స్క్యూ కొలత ధనాత్మకం ఎలా అయింది? ఆ కొలత దూరాల్ని ఉన్నవి ఉన్నట్టు తీసుకోదు, ఘనం చేస్తుంది. రెండు మెట్ల దూరం ఎనిమిది అవుతుంది, మూడు మెట్ల దూరం ఇరవయ్యేడు. నిజానికి దూరాల్ని సగటు నుంచి కొలవాలి, కానీ సులువు కోసం 2 నుంచే కొలిస్తే, ఎడమ లాగుడు 35గానే ఉంటుంది, ఎందుకంటే ఒకటిని ఎన్నిసార్లు గుణించినా ఒకటే. కుడివైపు మాత్రం 10, 4 ఎనిమిదులు 32, 27 కలిపి 69 అవుతుంది. దూరాన్ని మామూలుగా తూస్తే ఎడమ గెలిచింది, ఘనంతో తూస్తే కుడి గెలిచింది. సగటుకూ మధ్యగతానికీ ఉన్న ఎడం మొదటి తూకానికి చెందింది. స్క్యూ అనే అంకె రెండో తూకానికి చెందింది. చాలాసార్లు రెండూ ఒకే దిక్కు చూపిస్తాయి. అయినా అవి రెండు వేర్వేరు కొలతలు.

ఇదే కారణంతో, సగటు మధ్యగతం సమానమైతే ఆకారం సౌష్ఠవంగా ఉందన్న మాట కూడా చెల్లదు. 6, 7, 10, 11, 16 అనే అయిదు విలువలు తీసుకోండి. మధ్యగతం 10. మొత్తం 50, కాబట్టి సగటూ 10. కానీ 10కి ఎడమన 4, 3 దూరాలు, కుడిన 1, 6. రెండువైపులా కలిపితే ఏడేసి, కాబట్టి పలక నిలిచింది. ఆకారం మాత్రం కుడికి సాగి ఉంది. సౌష్ఠవంగా ఉంటే సగటూ మధ్యగతమూ కలుస్తాయన్నది నిజం. కలిశాయి కాబట్టి సౌష్ఠవం అనడం ఆ నిజాన్ని తిరగేసి చదవడం. పరీక్షల్లో ఈ తిరగేతకు మార్కులు వేసేవాళ్లను చూశాను.

హిస్టోగ్రామ్ అన్న మాటను వాడుకలోకి తెచ్చిన కార్ల్ పియర్సన్ ఈ ఎడాన్నే ఒక కొలతగా మలిచారు: సగటు నుంచి మధ్యగతం తీసేసి, మూడుతో గుణించి, ప్రామాణిక విచలనంతో, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతతో, భాగించడం. మన కాల్స్‌కు ప్రామాణిక విచలనం 9.4 నిమిషాలు (మధ్యగతంతో అంకె కలవడం కాకతాళీయం). ఎడం 2.6ను మూడుతో గుణించి 9.4తో భాగిస్తే 0.8 వస్తుంది. ఈ కొలత మూడుకు మించి పోలేదు, ఎందుకంటే సగటుకూ మధ్యగతానికీ ఉన్న దూరం ఎప్పుడూ ప్రామాణిక విచలనాన్ని దాటదు. హోటెలింగ్, సాలమన్స్ అనే పరిశోధకులు 1932లో దీన్ని నిరూపించారు. నిత్యవ్యవహారంలో ఇందులో నాకు పనికొచ్చే ముక్క ఒకటుంది: ఎడం పెద్దదా చిన్నదా అన్నది నిమిషాల్లో చూడకూడదు, దత్తాంశం ఎంత చెదిరి ఉందో దానితో పోల్చి చూడాలి. రెండున్నర నిమిషాల ఎడం ఇక్కడ చెప్పుకోదగ్గదే. ప్రామాణిక విచలనం 100 నిమిషాలుండే దత్తాంశంలో అది లెక్కలోకి రాదు.

బొమ్మ దాచేవి

తరగతి వెడల్పు మార్చితే బొమ్మ ముఖం మారుతుంది. మన కాల్స్‌ను 10 నిమిషాల వెడల్పుతో గీస్తే బార్లు 32, 18, 7, 2, 1. ఇప్పుడు గుట్ట లేదు, మొదటి బార్ నుంచే జారుడుబల్ల. కాల్స్ ఎక్కువగా 5, 10 నిమిషాల మధ్య ముగుస్తాయన్న సంగతి కనబడకుండా పోయింది. తోక దిక్కు మాత్రం మారలేదు. ఒక నిమిషం వెడల్పుతో గీస్తే దువ్వెన పళ్లలా పైకీ కిందికీ ఎగుడుదిగుడుగా వస్తుంది, నిజానికి లేని గుట్టలు అందులో కనబడతాయి. రెండు మూడు వెడల్పులతో గీసి చూసి, అన్నింట్లోనూ నిలిచిన లక్షణాన్నే నమ్మడం మేలు.

దీనికంటే మోసం చేసేది "30, ఆ పైన" అని రాసి ఉండే ఆఖరి బార్. పట్టికల్లో ఇది సర్వసాధారణం. మన బొమ్మలో చివరి మూడు కాల్స్‌ను అలా ఒకే బార్‌లో కుక్కితే, తోక మడతపడి పొట్టిగా కనిపిస్తుంది. మధ్యగతానికి దీనితో ఏ నష్టమూ లేదు. 30వ కాల్ రెండో బార్‌లోనే దొరుకుతుంది, ఆఖరి బార్ లోపల ఏముందో తెలియనక్కర్లేదు. సగటుకు మాత్రం దారి మూసుకుపోయింది. ఆ మూడూ 32.5 నిమిషాల చొప్పున అనుకుంటే సగటు 11.7 వస్తుంది. అసలైన బార్లతో వచ్చింది 12. వాటిలో ఒకటి మూడు గంటల కాల్ అయివుంటే 14.2. బొమ్మ మాత్రం మూడు సందర్భాల్లోనూ ఒకటే. కాబట్టి చివరి బార్ తెరిచి ఉన్న హిస్టోగ్రామ్ నుంచి ఎవరైనా సగటు చదివి చెబితే, ఆ బార్‌కు ఏ విలువ వేశారని అడగాలి.

కొన్ని బొమ్మల్లో అడ్డగీత మీద 1, 10, 100, 1000 అని సమాన దూరాల్లో ఉంటాయి. అది లాగరిథమ్ స్కేలు. అందులో కుడి తోక ముడుచుకుని, గంట ఆకారంలా చక్కగా కనబడవచ్చు. ఆ గంట నడిబొడ్డును సగటు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ బొమ్మ సౌష్ఠవంగా ఉంటే నడుమ ఉన్నది మధ్యగతం. అసలు సగటు దానికి కుడివైపున ఎక్కడో ఉంటుంది, తోక ఎంత పొడుగైతే అంత దూరంగా.

ఇంతకీ ఏది చెప్పాలి

స్క్యూ ఉంటే మధ్యగతం వాడండి అనే సలహా తరచూ వినబడుతుంది. నాకది సగం సలహాలా అనిపిస్తుంది. ఒక మామూలు కాల్ ఎంతసేపు పడుతుందో ఫోన్ చేయబోయే మనిషికి చెప్పాలంటే మధ్యగతమే నయం: సగానికి సగం కాల్స్ 9.4 నిమిషాల్లో అయిపోతాయి. కానీ రేపు 60 కాల్స్ వస్తాయి, ఎంతమంది సిబ్బంది కావాలి అని లెక్క వేసేవాళ్లకు మధ్యగతం ఇస్తే కొంప మునుగుతుంది. 60ని 9.4తో గుణిస్తే 564 నిమిషాలు. అసలు పని 720 నిమిషాలు. రెండున్నర గంటలకు పైగా పనికి మనిషి లేడు. మొత్తాన్ని తిరిగి ఇచ్చేది సగటు ఒక్కటే. తోక దాన్ని పైకి లాగడం లోపం కాదు, ఆ తోకలోని నిమిషాలు కూడా ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చున్న నిమిషాలే.

రెండు గుంపుల్ని పోల్చేటప్పుడు ఈ తేడా ఇంకా పదునెక్కుతుంది. మనం చూసింది ఉదయం పూట అనుకుందాం. సాయంత్రం పూట కూడా 60 కాల్సే, కానీ ఆకారం వేరు: 5 నిమిషాల లోపు 3, 5–10 మధ్య 21, 10–15 మధ్య 27, 15–20 మధ్య 9. అక్కడితో ఆఖరు. తోక లేదు. ముందు చేసినట్టే లెక్క వేస్తే సగటు 11.0, మధ్యగతం 11.1. రెండూ దాదాపు ఒకేచోట ఉన్నాయి.

ఇప్పుడు ఏ పూటవాళ్లు త్వరగా పని ముగిస్తున్నారు? సగటు చూస్తే సాయంత్రం, 12కు బదులు 11. మధ్యగతం చూస్తే ఉదయం, 11.1కి బదులు 9.4. ఒకరు సగటు పట్టుకుని, ఇంకొకరు మధ్యగతం పట్టుకుని గంటసేపు వాదించుకోవచ్చు, ఇద్దరి లెక్కా సరైనదే. ఇంతకంటే అధ్వానం, ఒక పూటకు సగటు, ఇంకో పూటకు మధ్యగతం తీసుకుని పోల్చడం. వేర్వేరు నివేదికల నుంచి అంకెలు ఏరుకొచ్చినప్పుడు ఇది తెలియకుండానే జరిగిపోతుంది. ఉదయం మధ్యగతం 9.4నూ సాయంత్రం సగటు 11నూ పక్కపక్కన పెడితే వచ్చే తేడాలో మనుషుల పనితనం ఎంతో, తోక వాటా ఎంతో చెప్పలేం.

రెండు హిస్టోగ్రామ్‌లనూ ఒకే స్కేలు మీద, ఒకదాని కింద ఒకటి గీస్తే వాదన నిమిషంలో తేలిపోతుంది. ఉదయం పూట 5 నిమిషాల్లోపే ముగిసిన కాల్స్ 14, సాయంత్రం మూడే. మామూలు పని ఉదయం వేగంగానే జరుగుతోంది. కానీ 20 నిమిషాలు దాటిన కాల్స్ ఉదయం 10 ఉన్నాయి, సాయంత్రం ఒక్కటీ లేదు. ఆ పది కాల్సే కలిపి 290 నిమిషాలు తిన్నాయి. 720లో అది నూటికి 40. కాల్స్‌లో ఆరో వంతు, సమయంలో అయిదింట రెండు వంతులు. ఉదయం సగటును తగ్గించాలనుకునేవాళ్లు మిగతా 50 కాల్స్‌ను ఎంత తొందరపెట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ పది కాల్స్ రికార్డింగ్‌లు తెరిచి, ఎవరు ఏ పని మీద అంతసేపు ఆగాల్సి వచ్చిందో వినాలి.